“ఇంట్లోవాళ్లకి చెప్తే చెప్పినట్టు కాదు”: స్నేహితురాలి దగ్గర దాటిపోయిన ఒక రహస్యం, 14 సెషన్లు

బెంగళూరులో మారతహళ్లి దగ్గర కౌన్సెలింగ్ సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో తెలుగువాళ్లు చాలామంది. ఇది వాళ్లలో ఒకామె కేసు. రాయడానికి ఆమె ఒప్పుకుంది. మనిషిని గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. రాసింది ఆమెకు ముందే చదివి వినిపించాను. రెండు వాక్యాలు తీసేయమంది, తీసేశాను.

ఆమెకు 34 ఏళ్లు. సొంతూరు నెల్లూరు వైపు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉద్యోగం. పెళ్లయి ఏడేళ్లయింది, పిల్లలు లేరు. రెండుసార్లు ఐవీఎఫ్ చేయించుకున్నారు, రెండుసార్లూ నిలవలేదు. లోపం ప్రధానంగా భర్త వైపు ఉందని డాక్టర్లు చెప్పారు. ఈ సంగతి ఆమె ఒకే ఒక్క మనిషికి చెప్పుకుంది. పీజీ హాస్టల్లో ఒకే గదిలో ఉన్న రోజుల నుంచి తెలిసిన స్నేహితురాలు, ఇప్పుడు అదే అపార్ట్‌మెంట్‌లో పక్క బ్లాకు.

ఒక శనివారం అపార్ట్‌మెంట్లో వేరే తెలుగువాళ్ల అమ్మాయికి సీమంతం. గాజులు తొడిగే వరసలో ఆమె నిలబడి ఉంటే, వెనక నుంచి ఒక పెద్దావిడ భుజం మీద చెయ్యి వేసింది. “మీ ఆయనకి మందులు వాడుతున్నారా అమ్మా? మా ఊళ్లో ఒకాయన ఉన్నాడు, మగవాళ్లకి బాగా పనిచేస్తుందట” అంది. ఆవిడ గొంతులో ఎగతాళి లేదు, జాలి ఉంది. ఆ పక్కనే ఉన్న ఇద్దరు ఆడవాళ్లు ఒక్క క్షణం మాట ఆపేసి మళ్లీ మొదలుపెట్టారు. “ఆ ఒక్క క్షణంలోనే అర్థమైంది మేడమ్, వాళ్లకి కూడా తెలుసని” అని నాతో చెప్పింది. తొడిగించుకున్న గాజులు లిఫ్టులోనే తీసేసిందట.

నా దగ్గరికి వచ్చేసరికి అది జరిగి ఏడు వారాలు. రాత్రి మూడింటికి మెలకువ వస్తే మళ్లీ నిద్ర లేదు. ఎవరూ ఎదురు రాకూడదని పొద్దున్నే మెట్ల మీదుగా దిగిపోతోంది. స్నేహితురాలితో మాట మానేసింది కానీ, ఆమె వాట్సాప్‌లో ఎప్పుడు ఆన్‌లైన్‌లో ఉందో, స్టేటస్ ఏం పెట్టిందో చూడకుండా ఉండలేకపోతోంది. ఆ స్టేటస్‌లో కనబడే ప్రతి కొటేషనూ తన గురించే అనిపిస్తోంది.

మొదటి సెషన్‌లో ఆమె ఒకే ప్రశ్న రకరకాలుగా అడిగింది. “ఇది ఎక్కడికీ పోదు కదా మేడమ్?” “మీ రిసెప్షన్‌లో అమ్మాయికి తెలుస్తుందా?” “మా ఆయన ఫోన్ చేస్తే చెప్తారా?” ఇలాంటి మనిషికి “నన్ను నమ్మండి” అనడం పనికిరాదని నా అనుభవం. నమ్మమన్నవాళ్ల దగ్గరే కదా దెబ్బ తిన్నది. అందుకే ఫైలు తెరిచి చూపించాను. పైన పేరు లేదు, ఒక నంబరు మాత్రం ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ గోప్యతను హక్కుగా చెబుతుందని చెప్పాను. దానికి ఉన్న మినహాయింపులూ అప్పుడే చెప్పాను. ఆమె ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ముప్పు ఉంటే, కోర్టు ఆదేశిస్తే నేను మాట దాటాల్సి వస్తుంది. నా సీనియర్‌తో కేసులు చర్చిస్తాను, పేరు చెప్పకుండా. మినహాయింపులు విన్నాకే ఆమె భుజాలు కాస్త దిగాయి. హద్దులేని హామీ కన్నా హద్దు తెలిసిన హామీ మీద నిలబడటం తేలిక. ఈ సంగతి తర్వాత కేసు మొత్తానికి పనికొచ్చింది.

ఆందోళన కొలిచే GAD-7లో ఆమె స్కోరు 21కి 15, అంటే తీవ్రమనే గీత మీద. డిప్రెషన్‌కు వాడే PHQ-9లో 27కి 11. ఆ పత్రంలో తొమ్మిదో ప్రశ్న చనిపోవాలన్న ఆలోచనల గురించి. ఆమె సున్నా పెట్టింది. అయినా నేను నోటితో కూడా అడిగాను. సిగ్గుతో సున్నా పెట్టేవాళ్లు ఉంటారు. లేవని స్పష్టంగా చెప్పింది. ఉండి ఉంటే దారి వేరు, ముందు సైకియాట్రిస్టును కలవాల్సి వచ్చేది. రాత్రివేళ అలాంటి ఆలోచన వచ్చినవాళ్లకి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 నంబరు ఇస్తాను, ఆమెకూ రాసిచ్చాను.

“ఇది పీటీఎస్‌డీనా?” అని అడిగింది, ఎక్కడో చదివి. పీటీఎస్‌డీ అంటే ఘోరమైన సంఘటన తర్వాత మిగిలిపోయే మానసిక సమస్య. సీమంతం దృశ్యం కళ్లముందు తిరగడం, ఆ బ్లాకు వైపు వెళ్లకపోవడం చూస్తే అలాగే ఉంటుంది. కానీ ఆ రోగనిర్ధారణకు ప్రాణాపాయం, తీవ్ర గాయం, లైంగిక హింస లాంటి సంఘటన ఉండాలి. ఇది అది కాదు. ఆ పేరు లేనంత మాత్రాన బాధ చిన్నదని కాదని కూడా చెప్పాను.

ముందు నిద్ర, ఫోను

రెండో సెషన్‌లో నమ్మకం గురించి ఒక్క మాటా మాట్లాడలేదు. నిద్రలేని మనిషి ఎవరిని నమ్మాలో తేల్చుకోలేరు. ముందుగా, ఫోన్‌లో స్నేహితురాలి ఖాతా చూసినప్పుడల్లా చిన్న పుస్తకంలో ఒక గీత గీయమన్నాను. మానమని అనలేదు, గీత గీయమన్నానంతే. మొదటి రోజు 38 గీతలు. “ఐదో ఆరో అనుకున్నాను మేడమ్” అని తనే బిత్తరపోయింది.

బ్లాక్ చేసేయమని చాలామంది సలహా ఇస్తారు. నేను ఇవ్వలేదు. ఆమె అప్పటికే ఒకసారి బ్లాక్ చేసి, భర్త ఫోన్ నుంచి చూసింది. చూడాలన్న గుంజాటన అలాగే ఉంటే తలుపు మూసి లాభం లేదు. చాట్‌ను ఆర్కైవ్‌లో పెట్టించి, స్టేటస్‌ను మ్యూట్ చేయించి, చూడబుద్ధి పుట్టినప్పుడు పది నిమిషాలు ఆగమన్నాను. ఆగాక కూడా కావాలంటే చూడొచ్చు. చూడాలన్న కోరిక అలలా లేచి, మనం ఏమీ చేయకపోయినా దిగుతుందని ఆమె ఒంటితో తెలుసుకోవాలి. చెబితే తెలిసేది కాదు.

మెదడులో తిరిగే ఆలోచనలకు ఒక వేళ పెట్టాం. సాయంత్రం ఆరున్నర నుంచి 20 నిమిషాలు, బాల్కనీలో ప్లాస్టిక్ కుర్చీ, ఒక నోటు పుస్తకం. మిగతా వేళల్లో ఆలోచన వస్తే ఒక్క ముక్క రాసి, “ఆరున్నరకి” అనుకోవాలి. పుస్తకం రెండో వారం చూపించింది. ఎక్కువ వాక్యాలు “ఎందుకు”తో మొదలయ్యాయి. ఎందుకిలా చేసింది, నాకే ఎందుకు, ఎందుకు గుడ్డిగా నమ్మాను. ఈ “ఎందుకు”లకు జవాబు ఉండదు, అందుకే తెగవు. వాటిని “ఏం జరిగింది, ఎవరికి తెలుసు, రేపు లిఫ్టులో ఎదురైతే ఏం చేస్తాను” అనే ప్రశ్నలుగా మార్చి రాయడం నేర్చుకుంది. రేపు లిఫ్టులో ఏం చేయాలన్నదానికి జవాబు ఉంటుంది. “నమస్తే ఆంటీ” అని ఫ్లోర్ నంబర్లు చూస్తూ నిలబడటం.

నిద్రకు రెండే పనులు. సుమారు 20 నిమిషాల్లో మళ్లీ నిద్ర పట్టకపోతే మంచం దిగి హాల్లో కూర్చోవాలి, గడియారం చూడకూడదు, కళ్లు మూతలు పడ్డాకే మంచం ఎక్కాలి. రోజుకు రెండుసార్లు ఐదు నిమిషాలు, నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు ఊపిరి తీసుకుని, ఆరు అంకెలంతసేపు వదలాలి. టెన్షన్ వచ్చినప్పుడు మాత్రమే చేస్తే అది మందులా అయిపోతుంది, పనిచేయకపోతే ఇంకా భయం. మామూలుగా ఉన్నప్పుడు చేస్తేనే ఒంటికి అలవాటవుతుంది.

నేను తొందరపడ్డ చోటు

మూడో సెషన్‌లో తప్పు చేశాను. ఆమె కాస్త తేరుకున్నట్టు కనబడింది, గీతలు 38 నుంచి 20కి దిగాయి. స్నేహితురాలితో ఒకసారి మాట్లాడితే సగం బరువు దిగుతుందని నాకు అనిపించింది. ఏం అడగాలో ఇద్దరం కూర్చుని సిద్ధం చేశాం. ఆమె ఎదురుగా మాట్లాడలేక, రాత్రి పదకొండున్నరకు ఒక పెద్ద మెసేజ్ పంపింది. పది నిమిషాల్లో జవాబు: “నీ మంచి కోరే చెప్పానే. నువ్వింత పెద్దది చేస్తావనుకోలేదు.”

ఆ రెండు వాక్యాలతో మళ్లీ మొదటికొచ్చింది. నాలుగు రోజులు సరిగ్గా నిద్ర లేదు, ఆఫీసుకు సెలవు, తర్వాతి సెషన్‌లో GAD-7 స్కోరు 17. ఎదుటివాళ్ల నుంచి వచ్చే మాట చెడ్డదైనా తట్టుకుని నిలబడగల స్థితి వచ్చాకే అలాంటి సంభాషణ జరగాలి. ఆమె ఆ మెసేజ్ పంపింది జవాబు కోసం కాదు, ఊరట కోసం. ఊరట ఎదుటి మనిషి చేతిలో ఉన్నంతకాలం స్థిమితం కూడా వాళ్ల చేతిలోనే ఉంటుంది. నేను తొందరపడ్డానని ఆమెతో నేరుగా చెప్పాను. క్షమించమని అడిగి, మళ్లీ నోటు పుస్తకం దగ్గరికి వెళ్లాం. నాలుగు, ఐదు సెషన్లు అందుకే పోయాయి.

ముడి అసలు ఎక్కడుంది

గీతలు తగ్గాయి, నిద్ర మెరుగైంది. కానీ సాయంత్రపు పుస్తకంలో ఒక వాక్యం మాత్రం వారం వారం తిరిగి వస్తోంది: “నాకు మనుషులు తెలియదు.” ఆరో సెషన్‌లో దాన్ని పట్టుకుని అడిగాను, ఈ సంగతి సీమంతం నాడు మీకు ఎంత కష్టం కలిగించిందో మీ ఆయనకు తెలుసా అని. చాలాసేపు పలకలేదు. చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ కూర్చుంది.

“ఆయనకి తెలియదు మేడమ్. బయటికి వచ్చిందనే తెలియదు. రిపోర్టు వచ్చిన రోజు కార్లో ఆయన ఒకటే అడిగారు, ఇది మనిద్దరి మధ్యే ఉండనీ అని. సరేనన్నాను. పది రోజులకి దానికి చెప్పుకున్నాను. అది ఇంట్లో మనిషే కదా అనుకున్నాను.”

కేసు అక్కడ తిరిగింది. ఇన్నాళ్లూ ఆమె స్నేహితురాలి మీద పెట్టిన కేసులో తనూ ముద్దాయే. స్నేహితురాలిని ఎంత తిట్టుకున్నా ఆ తిట్టులో సగం తనకే తగులుతోంది, అందుకే ఆలోచన తెగడం లేదు. పైగా భర్త దగ్గర ఇంకో రహస్యం మోస్తోంది, ఒకే ఇంట్లో ఆయనతో పాటు ఉంటూ.

మాట ఒకరికి చెప్పాక అది ఇద్దరిదవుతుంది. శాండ్రా పెట్రోనియో అనే అమెరికన్ పరిశోధకురాలు దీని మీద ఒక సిద్ధాంతమే కట్టారు. రహస్యం విన్నవాళ్లు దానికి సహ యజమానులవుతారు, దాన్ని ఎవరితో పంచుకోవచ్చో నియమాలు ఇద్దరూ నోటితో అనుకోకపోతే ఎవరి నియమం వాళ్లు వాడుకుంటారు అంటారామె. మన ఇళ్లలో ఆ చెప్పని నియమం ఏమిటో నాకు రోజూ వినబడుతుంది: ఇంట్లోవాళ్లకి చెప్తే చెప్పినట్టు కాదు. ఈ లెక్కలో మొగుడు ఉంటాడు, అమ్మ ఉంటుంది, అక్క ఉంటుంది. ప్రతివాళ్లకీ ఇల్లు ఉంటుంది కాబట్టి మాట ఒక ఇంట్లోంచి ఇంకో ఇంట్లోకి నడుస్తూనే ఉంటుంది, ఎవరూ బయటికి చెప్పినట్టు అనుకోరు.

ఆమె తప్పు చేసిందని నేను తీర్పు ఇవ్వలేదు, చేయలేదనీ ఓదార్చలేదు. రెండు ఐవీఎఫ్‌ల బరువు ఒక్కతే మోయలేక చెప్పుకుంది, అది నిజం. మాట ఇచ్చి దాటింది, అదీ నిజమే. రెండూ పక్కపక్కన రాసుకుని చూడమన్నాను. ఏడో సెషన్ అంతా భర్తకు చెప్పడానికే. మూడు వాక్యాలు తయారుచేసుకుంది: నేను ఆమెకు చెప్పాను. అది బయటికి పోయింది. మీరు వద్దన్నాక చెప్పడం నా తప్పు. నాలుగో వాక్యంగా “కానీ నేను ఎంత ఒంటరిగా ఉన్నానంటే” అని రాసింది. అది నిజమే, కానీ వేరే రోజు చెప్పుకుందామన్నాను. అదే రోజు చెబితే ఆయన తన కోపాన్ని మింగి ఆమెను ఓదార్చాల్సి వస్తుంది.

ఆదివారం పొద్దున అగర చెరువు గట్టున నడుస్తూ చెప్పింది. ఆయన మాట్లాడలేదు. రెండు రోజులు ముక్తసరిగానే ఉన్నారు. ఆ రెండు రోజులు ఆమె తట్టుకుంది, వెంటపడి “ఏమంటారు” అని అడగలేదు. పుస్తకం, ఊపిరి, కుర్చీ. మంగళవారం రాత్రి అన్నం తింటూ ఆయనే అన్నారట: “ఎవరికో ఒకరికి చెప్పుకోకుండా నువ్వెలా ఉంటావు. నన్నడిగి చెప్పి ఉంటే బాగుండేది.” ఎనిమిదో సెషన్‌కు ఇద్దరూ కలిసి వచ్చారు. ఆయనకు నా దగ్గర కావలసింది ఒక్కటే, ఎవరెవరికి తెలుసో పూర్తి జాబితా. దాన్ని ఆమే రాసిచ్చింది.

తర్వాతి వారం GAD-7 స్కోరు 9.

నమ్మకాన్ని విడదీయడం

తొమ్మిదో సెషన్‌లో ఒక కాగితం మీద నాలుగు గడులు గీశాం. అవసరానికి వస్తారా, డబ్బు విషయంలో మాట నిలుపుకుంటారా, ఉన్నదున్నట్టు చెబుతారా, విన్నది కడుపులో దాచుకుంటారా. స్నేహితురాలి పేరు రాసి నింపమన్నాను. రెండు ఐవీఎఫ్‌లకూ ఆస్పత్రిలో పక్కన కూర్చుంది ఆమే. ఒకసారి అడగ్గానే 40 వేలు సర్దింది. మొదటి రెండు గడుల్లో టిక్కు పడింది, మూడో దాంట్లో ఆలోచించి టిక్కు పెట్టింది, నాలుగో దాంట్లో కొట్టేసింది. కాగితం వైపు చూస్తూ, “అంటే నేను పూర్తిగా మోసపోలేదు, ఒక గడిలో తప్పు చూశాను” అంది. “నాకు మనుషులు తెలియదు” అన్న వాక్యం ఆ తర్వాత పుస్తకంలో మళ్లీ రాలేదు.

తన అంచనా మీద తనకు నమ్మకం రావాలంటే కాగితం చాలదు, పరీక్షించాలి. పోయినా నష్టం లేని మాటలతో మొదలుపెట్టాం. ఉద్యోగం మారాలనుకుంటున్నానని ఇద్దరికి చెప్పింది, నెల్లూరులో పిన్ని కూతురికి, ఆఫీసులో ఒకామెకు. చెప్పే ముందు నియమం నోటితో చెప్పాలని షరతు. ఇది ఆమెకు చాలా కష్టమైంది. “బావకి కూడా చెప్పొద్దే, పిన్నికి కూడా” అనడం అవతలి మనిషిని అనుమానించినట్టు ఉంటుందని బాధ. నా దగ్గర నాలుగుసార్లు అనిపించి చూసుకుంది. చెప్పాక, అది నాలుగు వారాల్లో బయటికి వస్తుందని ఎంత నమ్ముతున్నావో శాతం రాసుకోమన్నాను. చెల్లెలికి 80, ఆఫీసామెకు 50 అని రాసింది.

నాలుగు వారాల్లో చెల్లెలి వైపు నుంచి ఒక్క ముక్క రాలేదు. ఆఫీసులో మాత్రం మూడో వారానికే టీమ్ లీడ్ నవ్వుతూ “ఎక్కడికో వెళ్తున్నారట” అన్నాడు. ఈ రెండో ఫలితమే నాకు ముఖ్యం. ఆ సాయంత్రం ఆరున్నరకు పుస్తకంలో అర పేజీ కోపంగా రాసింది, వంట చేసింది, పదకొండింటికి పడుకుంది, నిద్ర పట్టింది. మూడు నెలల కిందట ఇలాంటి మాట వింటే వారం పోయేది. మనుషులు మారలేదు, మాట దాటింది, తను నిలబడింది. ఆఫీసామె పేరు పక్కన నాలుగో గడి కొట్టేసింది, ఆమెతో కలిసి భోజనం చేయడం మాత్రం మానలేదు.

ఒక హద్దు ఇక్కడ చెప్పాలి. ఫోటోలనో మెసేజ్‌లనో బయటపెట్టి బెదిరిస్తున్నవాళ్ల విషయంలో ఈ దారి పనికిరాదు. అక్కడ పోలీసు, సైబర్ క్రైమ్ ఫిర్యాదు ముందు, గడులు గీసుకోవడం తర్వాత.

కుందలహళ్లి గేటు దగ్గర, ఒక మధ్యాహ్నం

పన్నెండో సెషన్‌లో స్నేహితురాలిని కలుద్దామన్న మాట ఆమే తెచ్చింది. ఈసారి నేను అడిగింది ఒక్కటే: ఆమె మళ్లీ “నీ మంచికే” అంటే ఆ రాత్రి ఏం చేస్తావు? “కాసేపు ఏడుస్తాను, పడుకుంటాను” అంది. సరే, వెళ్లమన్నాను.

క్షమాపణ నిజమైనదో కాదో కన్నీళ్లను బట్టి తెలియదు. ఎవరికి ఏం చెప్పిందో పూర్తిగా చెబుతుందా, “కానీ” లేకుండా చెబుతుందా, జారిన మాటను ఆపడానికి తనంతట తాను ఏమైనా చేసిందా, నువ్వు పెట్టే హద్దును వాదించకుండా ఒప్పుకుంటుందా. ఇవి చూడమన్నాను.

ఒక టిఫిన్ హోటల్లో కలిశారు. స్నేహితురాలు తను చేసింది చెప్పింది. పూజ చేయిస్తే మంచిదేమో అని అత్తగారిని అడిగింది, అడిగేటప్పుడు ఎవరి గురించో చెప్పేసింది. “మా అత్తయ్య నోట్లో నువ్వుగింజ నానదని నాకు తెలుసు, తెలిసే చెప్పాను, తప్పు నాదే” అంది. ఆ రాత్రి మెసేజ్‌కు అలా జవాబిచ్చింది భయంతోనట. రెండు నెలల కిందటే అత్తగారిని కూర్చోబెట్టి, ఇంకెక్కడా ఆ ఊసు ఎత్తొద్దని చెప్పిందట. ఆ సంగతి సీమంతం నాటి పెద్దావిడ ద్వారా ఈమెకు అప్పటికే తెలుసు. ఈమె తన హద్దు చెప్పింది: “కలుద్దాం, నడుద్దాం. పిల్లల విషయం, మా ఆయన విషయం మాత్రం నీతో ఇక మాట్లాడనే.” స్నేహితురాలు తల ఊపింది. ఎన్నాళ్లు అని అడగలేదు.

“క్షమించేశావా?” అని నేను అడగలేదు. ఆమే చెప్పింది, ఇంకా లేదని. క్షమించడం, తిరిగి కలవడం, మళ్లీ నమ్మడం మూడూ ఒకేసారి రానక్కర్లేదు. కొందరికి ఒకటి వచ్చి మిగతావి రావు. నేను ఏదీ తొందర పెట్టను.

పదమూడో సెషన్‌తో ముగించి, మూడు నెలల తర్వాత ఒకసారి రమ్మన్నాను. అప్పటికి GAD-7లో 5, PHQ-9లో 4. ఫోన్‌లో గీతలు గీయడం ఎప్పుడో మానేసింది, గీయడానికి ఏమీ లేక. లిఫ్టు వాడుతోంది. శనివారాలు స్నేహితురాలితో నడుస్తోంది, సినిమాల గురించి, ధరల గురించి మాట్లాడుకుంటున్నారు.

ఆ రోజు బ్యాగులోంచి ఒక చిన్న కాగితం తీసి చూపించింది. మూడోసారి ఐవీఎఫ్‌కు వెళ్లాలని భార్యాభర్తలు నిర్ణయించుకున్నారు. ఎవరికి చెప్పాలో ఇద్దరూ కూర్చుని రాసుకున్న పేర్లు అవి. రెండే ఉన్నాయి, ఒకటి ఆయన అన్నయ్య, ఒకటి నెల్లూరు చెల్లెలు. కింద భర్త చేతిరాతతో ఒక వాక్యం ఉంది: “ఇంకెవరికైనా చెప్పాలనిపిస్తే ముందు ఒకరినొకరం అడగాలి.”

ఆ మూడో ప్రయత్నం ఏమైందో నాకు తెలుసు. దాన్ని ఇక్కడ రాయడానికి వాళ్లిద్దరూ ఒప్పుకోలేదు.